నేలపై విడిచిన బంతి ఎప్పుడు నిలుచును?



ఈ సాయంకాలము నేను చెప్పదలచిన విషయము చూచుటకు మిగుల చిన్నది. ఒక బంతిని కొంత యెత్తునుండి గట్టినేలపై విడిచినచో అది పడి, లేచి, మరల పడి, మరల లేచి, తుదకు నిలిచిపోవును. నిలుచులోపల అది మొత్తము ఎంత దూరము తిరిగినది? ఎంత కాలము పట్టినది? ఇంటర్మీడియేటు చదువు పిల్లల పుస్తకములలో ఈ ప్రశ్న తఱచుగా కానవచ్చును. మా నరసన్నపేటలో తర్కశాస్త్రము కొంత చదివిన పెద్దలొకరు తమ మనుమడు చేసిన ఈ లెక్కను చూచి నన్నిట్లు ప్రశ్నించిరి: "పంతులుగారూ, ప్రతి గంతును ముందటి గంతులో ఇంత భాగమని మీ పుస్తకము చెప్పుచున్నది. భాగమున్నంతవఱకు దానికి మఱియొక భాగముండును. కనుక గంతులకు తుదిలేదు. తుదిలేని గంతులుగల బంతి ఏడు సెకండ్లకు నిలిచినదని వ్రాయుట అనవస్థకు ముగింపు చెప్పుట కాదా?"

ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. గంతులు అనంతములన్న మాట నిజము. బంతి నిలుచుట ప్రత్యక్షము. తర్కమునకును ప్రత్యక్షమునకును పొత్తు కుదురనిచో రెంటిలో ఒకదానియందు దోషముండవలెను. ఆ దోషమెక్కడనున్నదో వెదకుటయే నేటి ప్రసంగము.

మొదట బంతి గుణమును తెలిసికొందము. పైనుండి విడిచిన వస్తువు పడుచున్నకొలది వేగమును పెంచుకొనును. మొదటి సెకండులో అది ఇంచుమించు 16 అడుగులు పడును. ఆ సెకండు చివర దాని వేగము సెకండునకు 32 అడుగులుండును. నేల తగిలినపుడు బంతి కొంచెము నొక్కుకొని, మరల తన రూపము పొందుచు పైకి లేచును. కాని వచ్చిన వేగమంతయు తిరిగిరాదు. కొంత భాగము శబ్దముగను, వేడిగను, నేల అదురుగను పోవును. తిరిగివచ్చిన వేగము వచ్చిన వేగములో ఎన్నవ భాగమో చెప్పు సంఖ్యను ప్రత్యావస్థాన గుణకమందురు. పేరు పొడవైనది, మనము దానిని గుణకమని మాత్రమే పిలుచుకొందము.

ఆంగ్లదేశీయుడగు న్యూటను 1687 లో ప్రకటించిన తన మహాగ్రంథమునందు గోళములను త్రాళ్లకు వ్రేలాడగట్టి ఒకదానితో నొకటి తాకించి ఈ నిష్పత్తిని కొలిచిన సంగతి వ్రాసెను. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలు 9 పాళ్ల వేగముతో తాకి 5 పాళ్లతో విడివడెననియు, గాజు గోళములు 16 పాళ్లతో తాకి 15 పాళ్లతో విడివడెననియు ఆయన లెక్క. ఈ గుణకము బంతి యొక్కదాని సొత్తు కాదని గ్రహింపవలెను. ఒకే బంతి కడపరాయి పఱచిన అరుగుమీద ఒకవిధముగను, పేడతో అలికిన మట్టినేలమీద మఱొకవిధముగను లేచును. కనుక ఇది బంతికిని నేలకును కలిసిన జంటకు చెందిన గుణము.

ఇక లెక్కకు వత్తము. సులభముగ నుండుటకు గుణకము సగమనుకొందము. 16 అడుగుల ఎత్తుగల మేడనుండి బంతిని విడిచితిమి. 1 సెకండునకు అది నేల చేరినది. 32 అడుగుల వేగముతో తాకి, 16 అడుగుల వేగముతో లేచినది. వేగము సగమైనందున పైకెక్కుటకు పట్టు కాలము కూడ సగమే, అనగా అర సెకండు. దిగుటకు మఱొక అర సెకండు. కనుక మొదటి గంతునకు పట్టినది 1 సెకండు. రెండవ గంతునకు దానిలో సగము, అర సెకండు. మూడవదానికి పావు. నాలుగవదానికి అరపావు. ఇట్లు కాలము ప్రతి గంతునకును సగమగుచు పోవును.

ఈ గంతుల కాలములను కూడవలెను. 1957 లో నయాపైసలు వచ్చుటకు ముందు చెల్లిన నాణెములను మీలో పలువురు ఎఱుగుదురు. ఒకడు మీకు రెండు రూపాయలు బాకీ యున్నాడనుకొనుడు. మొదట రూపాయి ఇచ్చినాడు. ఇంకను రూపాయి బాకీ. తరువాత అర్ధరూపాయి ఇచ్చినాడు, అర్ధరూపాయి బాకీ. పావలా ఇచ్చినాడు, పావలా బాకీ. బేడ ఇచ్చినాడు, బేడ బాకీ. అణా ఇచ్చినాడు, అణా బాకీ. ఎన్నిమారులిచ్చినను, చివర నిచ్చినదెంతయో అంతయే మిగులును. వాడు ఎన్నడును రెండు రూపాయలు దాటి ఇయ్యడు. మీరు ఎంత చిన్న నాణెమును పేర్కొన్నను, కొన్ని వాయిదాల పిమ్మట మిగిలిన బాకీ దానికంటె తక్కువ యగును. కనుక ఆ వాయిదాలన్నిటి మొత్తము రెండు రూపాయలే కాని వేఱొకటి కానేరదు.

బంతి విషయమును ఇంతియే. గంతులన్నిటికిని కలిపి 2 సెకండ్లు. మొదట పడుటకు పట్టినది 1 సెకండు. మొత్తము 3 సెకండ్లు.

మన తార్కికుని ఆక్షేపణలోని దోషము ఇచ్చట బయటపడుచున్నది. గంతులకు తుదిలేదని ఆయన చెప్పినది సత్యము. కాని తుదిలేని సంఖ్యగల భాగములు కలిసిన మొత్తమునకు కూడ తుదియుండదని ఆయన మాటలో చెప్పకయే చేర్చుకొనిరి. ఆ చేర్పునకు ఆధారము లేదు. లెక్కించుటకు తుదిలేనిది కొలుచుటకు తుదిగలది కావచ్చును. బంతి వాయిదాలు ఇచ్చువానివలె ఆలస్యము చేయదు. గంతు చిన్నదైనకొలది కాలమును అల్పముగనే పుచ్చుకొనును. అందుచేత మూడవ సెకండు దాటిన పిమ్మట దానికి చేయవలసిన గంతు ఒకటియు మిగిలియుండదు.

దూరమును కనుగొనుటలో ఒక మెలకువ కావలెను. వేగము సగమైనచో ఎత్తు సగము కాదు, పావగును. ఏలయనగా పైకెక్కు కాలము సగమైనది, ఆ కాలములో సగటు వేగము కూడ సగమైనది. సగములో సగము పావు. గుణకమును రెండుమారులు వేసికొనవలెనన్నమాట. విద్యార్థులు ఈ లెక్కలో పొరపడు చోట్లలో ఇది మొదటిది. కనుక 16 అడుగులనుండి పడిన మన బంతి మొదటి గంతులో 4 అడుగులు, రెండవదానిలో 1 అడుగు, మూడవదానిలో పావు అడుగు, అనగా 3 అంగుళములు ఎక్కును. ఈ యెత్తులు 16 అడుగులలో నాలుగవ వంతు, ఆ నాలుగవ వంతులో నాలుగవ వంతు, ఇట్లు సాగును. వీని మొత్తమెంత?

ముగ్గురు అన్నదమ్ములు ఒక మడిని పంచుకొనుచున్నారనుకొందము. మడిని నాలుగు సమభాగములు చేసి, తలకొక భాగము తీసికొని, నాలుగవదానిని మిగిల్చిరి. మిగిలినదానిని మరల నాలుగు చేసి, తలకొకటి తీసికొని, ఒకటి మిగిల్చిరి. ఇట్లే చేయుచు పోయినచో మిగులుచున్న తునక గట్టు మట్టికంటెను చిన్నదై, తుదకు లెక్కకు రాకుండ పోవును. ముగ్గురును ప్రతి మారును సమముగనే తీసికొనిరి గనుక ఒక్కొక్కరికి చేరినది మడిలో మూడవ వంతు. కనుక నాలుగవ వంతు, దానిలో నాలుగవ వంతు, మరల దానిలో నాలుగవ వంతు, ఇట్లు అనంతముగ కూడినచో వచ్చునది సరిగా మూడవ వంతు.

బంతి గంతుల యెత్తులన్నియు కలిపినచో 16 అడుగులలో మూడవ వంతు, అనగా 5 అడుగుల 4 అంగుళములు. ప్రతి గంతులోను బంతి ఎక్కి దిగును గనుక దీనిని రెట్టింపగా 10 అడుగుల 8 అంగుళములు. మొదటి పాటు మాత్రము దిగుటయే కాని ఎక్కుట లేదు, దానిని రెట్టింపరాదు. ఆ 16 అడుగులను కలిపినచో మొత్తము 26 అడుగుల 8 అంగుళములు. మొదటి పాటును కూడ రెట్టించుట విద్యార్థులు చేయు రెండవ పొరపాటు. దానిని పట్టుకొనుటకు ఒక సులభోపాయము కలదు. గుణకము సున్నయైన తడిమట్టి ముద్దను విడిచినట్లు భావింపుడు. అది పడి అక్కడనే అంటుకొనును. దూరము 16 అడుగులే కావలెను. మీ పద్ధతి ప్రకారము 32 వచ్చినచో మొదటి పాటును రెట్టించితిరని తెలియును.

ఒక రాశిని మరల మరల ఒకే సంఖ్యచే గుణించుచు పోవు వరుసను మన ప్రాచీనులు గుణశ్రేఢి యనిరి. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమునందును, 1150 లో భాస్కరాచార్యుడు లీలావతియందును దీని మొత్తమునకు సూత్రములు చెప్పిరి. మహావీరుని గ్రంథమును పావులూరి మల్లన తెనిగించుటచే ఆ గణితము తెలుగువారికి చిరకాలముక్రిందటనే లభించినది. అయితే ఆ సూత్రములు పదములకు ఇన్నియని లెక్కగల వరుసలకు. పదములకు తుదిలేనపుడు ఏమగునన్న ప్రశ్నను కేరళదేశీయుడగు నీలకంఠ సోమయాజి ఆర్యభటీయమునకు వ్రాసిన భాష్యములో సూటిగా ఎత్తుకొనెను. ఆయన 1444 లో జన్మించినవాడు. ఆయన తీసికొన్న ఉదాహరణము మనము మడిపంపకములో చూచిన ఈ నాలుగవ వంతుల వరుసయే. ఇది మూడవ వంతువఱకు పెరుగుననియు, దానిని దాటదనియు ఎట్లు తెలియునని ప్రశ్నించుకొని, ప్రతి మెట్టునందును మిగులు శేషమును చూపి ఆయన సమాధానము చెప్పెను. మన తార్కికుని ప్రశ్నయు ఆ జాతిలోనిదే.

ఇప్పుడు నిజమైన బంతిని తీసికొందము. టెన్నిసు ఆటకు పనికివచ్చు బంతికి ఒక పరీక్ష నియమింపబడియున్నది. 254 సెంటీమీటర్లు, అనగా 100 అంగుళముల ఎత్తునుండి గట్టినేలపై విడిచినపుడు సాధారణమైన బంతి 135 సెంటీమీటర్లకు తక్కువకాకుండ, 147 కు మించకుండ లేవవలెను. గుణకము ముప్పావైన బంతి ఎంత లేచును? ముప్పావును రెండుమారులు వేసికొన్నచో పదునాఱింట తొమ్మిది వంతులు. 254 లో అది ఇంచుమించు 143. కనుక మంచి టెన్నిసు బంతి గుణకము ముప్పావని తీసికొనవచ్చును.

అట్టి బంతిని 16 అడుగులనుండి విడిచితిమనుకొందము. పడుటకు 1 సెకండు. లేచుటకు ముప్పావు, దిగుటకు ముప్పావు. మొదటి గంతు ఒకటిన్నర సెకండు. తరువాతి ప్రతి గంతును ముందటిదానిలో ముప్పావు. వీని మొత్తమును కనుగొనుటకు మడియు అక్కఱలేదు, నాణెములు అక్కఱలేదు. రెండవ గంతునుండి సాగు వరుస అంతయు మొదటినుండి సాగు వరుసలో సరిగా ముప్పావు. అందుచే మొదటి గంతు ఒక్కటియే మొత్తములో మిగిలిన పావు. పావు ఒకటిన్నర సెకండైనచో మొత్తము 6 సెకండ్లు. పడిన సెకండును కలుపగా 7 సెకండ్లు. మనుమడు వ్రాసిన ఏడు సెకండ్లు ఇవియే.

దూరమును ఈ విధముననే తేలును. మొదటి గంతు ఎత్తు 9 అడుగులు. తరువాతి యెత్తులన్నియు మొత్తములో పదునాఱింట తొమ్మిది వంతులు. కనుక ఈ 9 అడుగులు పదునాఱింట ఏడు వంతులు. తొమ్మిదిని పదునాఱుచే గుణించి ఏడుచే భాగింపగా 20 అడుగులును ఏడింట నాలుగు వంతులును వచ్చును. దానిని రెట్టించి, మొదటి 16 అడుగులను కలిపినచో 57 అడుగుల 2 అంగుళములకు కొంచెము తక్కువ.

దీనినుండి సామాన్యసూత్రము తేలిక. ఒకటికి గుణకమును కలుపుడు. ఒకటినుండి గుణకమును తీయుడు. మొదటిదానిని రెండవదానిచే భాగింపుడు. వచ్చిన సంఖ్యతో మొదట పడిన కాలమును గుణించినచో మొత్తము కాలము వచ్చును. దూరమునకు గుణకమునకు మాఱు దాని వర్గమును పెట్టి, వచ్చిన సంఖ్యతో మొదటి యెత్తును గుణింపవలెను. గుణకము సరిగా ఒకటియైనచో భాగించు సంఖ్య సున్నయగును, లెక్క చెల్లదు. అది న్యాయమే; ఏమాత్రమును వేగము పోగొట్టుకొనని బంతి ఎన్నటికిని నిలువదు. మన తార్కికుని మాట అట్టి బంతి విషయమున సంపూర్ణముగ సత్యము.

మఱి లోకములోని బంతి నిజముగ అనంతమైన గంతులు వేయునా? వేయదు. గంతు మిక్కిలి చిన్నదైనపుడు బంతి నేలను విడువకయే కొంచెము అదిరి ఊరకుండును. ఆ మాత్రముచే మన లెక్క చెడునా? సగము గుణకముగల బంతిని మరల చూడుడు. అయిదవమారు నేల తాకిన పిమ్మట అది లేచునది అంగుళములో పదునాఱింట మూడు వంతులు మాత్రమే. అప్పటినుండి మిగిలిన అనంతమైన గంతులన్నిటికిని కలిపి లెక్క ప్రకారము పట్టు కాలము అరపావు సెకండు. ఆ గంతులను బంతి వేసినను, వేయక మానినను మన జవాబులో తేడా ఆ అరపావునకు లోపలనే యుండును. అనంతము లెక్కలో నున్నది. దాని భారము మాత్రము మొదటి నాలుగైదు గంతులమీదనే యున్నది.

జవాబును నిజముగ మార్చునవి వేఱుగ నున్నవి. ఒకటి గాలి; ఎత్తు హెచ్చినకొలది దాని అడ్డు హెచ్చును. రెండవది, గుణకము ఎల్ల వేగములయందును ఒకటిగా నుండదు. గట్టిగా తాకిన బంతి ఎక్కువ నలిగి ఎక్కువ భాగమును పోగొట్టుకొనును. అందుచేత మేడమీదనుండి విడిచిన టెన్నిసు బంతి 7 సెకండ్లకు కొంచెము ముందుగనే నిలుచును. పరీక్ష చేయగోరువారు 4 అడుగుల ఎత్తునే తీసికొనుట మేలు. అంత ఎత్తునుండి పడుటకు అర సెకండు పట్టును. గుణకము ముప్పావైనచో మొత్తము మూడున్నర సెకండ్లకు శబ్దము ఆగవలెను.

ఈ లెక్కను త్రిప్పి పట్టుకొన్నచో చెవితోనే గుణకమును కొలువవచ్చును. విడిచినది మొదలు శబ్దము ఆగువఱకు పట్టిన కాలమునుండి పడిన కాలమును తీసివేయుడు. మఱియొకచోట ఆ రెంటిని కలుపుడు. మొదటిదానిని రెండవదానిచే భాగింపుడు. మూడున్నరనుండి అర తీయగా 3; కలుపగా 4; గుణకము ముప్పావు. అదే బంతి అలికిన మట్టినేలపై ఒకటిన్నర సెకండునకే నిలిచెనేని, 1 ని 2 చే భాగింపగా గుణకము సగము. బంతిని విడిచిన క్షణమును పట్టుకొనుట కష్టము గనుక మొదటి చప్పుడునుండి గడియారమును చూచి, తరువాత అర సెకండును కలిపికొనుట సుకరము. ఈ పద్ధతియందు ఒక లాభము కలదు. గుణకము ముప్పావునుండి అయిదింట నాలుగు వంతులకు మాత్రమే హెచ్చినచో, మూడున్నర సెకండ్లు నాలుగున్నర యగును. ఎత్తును కంటితో చూచి పోల్చుకొనలేని చిన్న భేదమును గడియారము పూర్తి సెకండుగ చూపును.

పరీక్ష సరిగ జరిగినదా లేదా యనుటకు చెవియే సాక్షి. చప్పుళ్ల మధ్య వ్యవధులు ఒకే నిష్పత్తిలో తగ్గుచు, తుదకు కలిసిపోయి ఒక చిన్న జరజర శబ్దమై ఠక్కున ఆగవలెను. నడుమ ఒక వ్యవధి హఠాత్తుగ తగ్గినచో బంతి రాళ్ల అతుకుమీద పడినదని తెలిసికొనవలెను. బంతి ప్రక్కకు జరుగుచు పోయినచో విడుచునపుడు చేయి దానిని త్రిప్పినదని గ్రహింపవలెను. అట్టి పరీక్షను లెక్కలోనికి తీసికొనక మరల విడువవలెను.

ఆ ఠక్కున ఆగుట యందే మన ప్రశ్నకు ప్రత్యక్షమైన సమాధానమున్నది. గంతులు మెల్లమెల్లగ సాగి మాసిపోవు. అవి వడివడిగ దగ్గఱపడి, లెక్క చూపిన క్షణమునకు అటునిటుగ, ఒక్కమాఱుగ ముగియును. కనుక ఇది అనవస్థ కాదు. అనవస్థలో ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు పోవుటయే కాని చేరవలసిన చోటు ఉండదు. ఇచ్చట మెట్లు అనంతములైనను చేరవలసిన చోటు ముందుగనే స్థిరపడియున్నది, దానిని చేరుటకు కావలసిన కాలమును మనము వ్రేళ్లమీద లెక్కింపగలిగితిమి.